హెడ్జ్ చేసిన ఫండా, చేయనిదా? ముందు పైసల లెక్క చూసుకోండి

మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి బ్రిడ్జికి దగ్గర్లో. మా పై అంతస్తులో ఒంగోలు వాళ్ళున్నారు. భార్యాభర్తలిద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఓ ఆదివారం పొద్దున ఆవిడ ఫోన్ పట్టుకొని మా ఇంటికి వచ్చారు. “వదినా, మా డబ్బులు అమెరికా ఇండెక్స్ ఫండ్‌లో ఉన్నాయి కదా. అది హెడ్జ్ చేయని ఫండ్ అంట, డాలర్ పడితే మునిగిపోతారని ఆఫీసులో ఒకాయన భయపెడుతున్నాడు. హెడ్జ్ చేసినదానిలోకి మార్చేయాలా?” అని అడిగారు.

నేను ఒక ఎగుమతి కంపెనీ ట్రెజరీలో పని చేస్తాను. మూడు నెలల తర్వాత రావాల్సిన డాలర్లను ఇవాళే రేటు కట్టి అమ్మిపెట్టడం నా రోజువారీ పని. హెడ్జింగ్ అంటే అంతే. మిర్చి కోతకు రాకముందే రైతు రేటు మాట్లాడుకున్నట్టు, రాబోయే డాలర్‌కు ముందే రూపాయి రేటు ఖాయం చేసుకోవడం. ఫండ్ కూడా లోపల ఇదే చేస్తుంది. అయితే ఆ వదినగారి ప్రశ్నకు “అవును”, “కాదు” అని ఒక్క మాటలో జవాబు ఉండదు. ఆవిడతో కలిసి ఏ వరుసలో చూశానో, ఆ వరుసలోనే మీరూ చూసుకోండి.

మొదటి అడుగు: ఈ డబ్బు చివరికి ఏ కరెన్సీలో ఖర్చవుతుంది?

ఫండ్ పేరు, రాబడి, స్టార్ రేటింగ్ తర్వాత చూడొచ్చు. ఈ డబ్బు ఎప్పుడు, ఎక్కడ, ఏ కరెన్సీలో ఖర్చు పెడతారో ముందు ఒక కాగితం మీద రాయండి. ఒంగోలు వాళ్ళ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటర్ అయ్యాక అమెరికాలో చదివించాలని ఆశ. అంటే సుమారు మూడేళ్ళలో మొదటి ఏడాది ఫీజుకు, ఖర్చులకు 40,000 డాలర్లు కావాలని వాళ్ళు వేసుకున్న అంచనా.

లెక్క సులువుగా ఉండడానికి డాలర్ ఇవాళ 90 రూపాయలు అనుకుందాం. 40,000 డాలర్లు అంటే 36 లక్షలు. షేర్లు పెరగలేదు, తగ్గలేదు అనుకొని కేవలం కరెన్సీనే చూద్దాం. మూడేళ్ళలో డాలర్ 100 రూపాయలైతే ఫీజు 40 లక్షలవుతుంది. హెడ్జ్ చేయని ఫండ్‌లో 36 లక్షలు పెట్టి ఉంటే అది కూడా 40 లక్షలే అవుతుంది, ఎందుకంటే లోపల ఉన్నవి అవే 40,000 డాలర్లు. హెడ్జ్ చేసిన ఫండ్ అయితే సుమారు 38.2 లక్షల దగ్గర ఆగుతుంది. ఆ అంకె ఎలా వచ్చిందో మూడో అడుగులో చెబుతాను. దాదాపు 1.8 లక్షలు తక్కువ పడతాయి.

ఒకవేళ డాలర్ 85కు దిగితే? హెడ్జ్ చేయని ఫండ్ 34 లక్షలకు తగ్గుతుంది, స్క్రీన్ మీద నష్టం కనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది. కానీ ఫీజు కూడా 34 లక్షలే కదా. ఏమీ పోలేదు. డాలర్లలో ఖర్చు ఉన్నవాళ్ళకు డాలర్ ఆస్తే రక్షణ. వాళ్ళు హెడ్జ్ చేసుకుంటే లేని రిస్క్‌ను కొని తెచ్చుకున్నట్టు. అందుకే వదినగారికి “మార్చొద్దు” అని చెప్పాను. మూడేళ్ళలో కావాల్సిన డబ్బు మొత్తం షేర్లలో ఉండడం గురించి మాత్రం విడిగా గట్టిగా మాట్లాడాను. అది కరెన్సీ సమస్య కాదు, షేర్ల సమస్య. దాన్ని హెడ్జింగ్ తీర్చదు.

రెండో అడుగు: మీ ఫండ్ నిజంగా హెడ్జ్ అయి ఉందా? అయితే ఏ కరెన్సీలోకి?

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఎన్ఏవీ, అంటే ఒక్కో యూనిట్ విలువ, రూపాయల్లో కనిపిస్తుంది కాబట్టి కరెన్సీ రిస్క్ లేదనుకుంటారు. రూపాయల్లో చూపించడం వేరు, హెడ్జ్ చేయడం వేరు. మన దగ్గర అమ్మే అమెరికా ఇండెక్స్ ఫండ్లు, వాటిలోకి డబ్బు పంపే ఫండ్ ఆఫ్ ఫండ్లు సాధారణంగా హెడ్జ్ చేయనివే. రోజూ డాలర్ విలువను ఆ రోజు రేటుతో గుణించి ఎన్ఏవీ వేస్తారు, అంతే. నిర్ధారించుకోవాలంటే స్కీమ్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ తెరిచి `hedg` అని వెతకండి. “అవసరమైతే హెడ్జ్ చేయవచ్చు” అని రాసి ఉంటే అది అనుమతి మాత్రమే. నిజంగా చేస్తున్నారా లేదా అన్నది నెలవారీ పోర్ట్‌ఫోలియోలో తెలుస్తుంది. అందులో కరెన్సీ ఫార్వర్డ్‌లు కానీ ఫ్యూచర్లు కానీ, అంటే రాబోయే డాలర్ల రేటును ముందే ఖాయం చేసే ఒప్పందాలు, కనిపించకపోతే హెడ్జ్ లేనట్టే.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంక్ పథకం ఎల్ఆర్ఎస్ కింద డబ్బు పంపి అమెరికా బ్రోకర్ దగ్గర నేరుగా ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలా కొని అమ్మే ఫండ్లు, కొనేవాళ్ళు మన ఐటీ కారిడార్ నిండా ఉన్నారు. వాళ్ళకు `Hedged` అని పేరున్న ఫండ్ కనిపిస్తుంది. ఉదాహరణకు `DXJ` జపాన్ షేర్లను కొని యెన్ రిస్క్‌ను హెడ్జ్ చేస్తుంది. అయితే అది యెన్‌ను డాలర్‌లోకి కట్టేస్తుంది, రూపాయిలోకి కాదు. బెంగళూరులో కూర్చొని అది కొన్న మనిషికి డాలర్–రూపాయి రిస్క్ మొత్తం అలాగే ఉంటుంది. `Hedged` అన్న మాట చూడగానే “ఎవరి కరెన్సీలోకి?” అని అడగండి. ఆ పక్కన `USD` ఉందా, `EUR` ఉందా అన్నదాన్ని బట్టే జవాబు. మీ ఖర్చు రూపాయల్లో ఉండి, అక్కడ `INR` లేకపోతే ఆ హెడ్జ్ మీకోసం చేసింది కాదు.

అలాంటి ఫండ్ ఎవరికి పనికొస్తుందో 2013 చూస్తే అర్థమవుతుంది. ఆ ఏడాది జపాన్ నిక్కీ సూచీ దాదాపు 57 శాతం పెరిగింది. అదే సమయంలో డాలర్‌కు 87 యెన్‌లు ఉన్నది 105కు పోయింది, అంటే యెన్ బాగా పడింది. హెడ్జ్ లేని అమెరికా మదుపరికి ఆ 57 శాతం లాభం డాలర్లలో 30 కన్నా తక్కువకు కరిగిపోయింది. హెడ్జ్ చేసుకున్న అమెరికా వాడికి చాలా మిగిలింది. ఆ కథ అమెరికాలో ఉండి డాలర్లలో ఖర్చు పెట్టేవాళ్ళది. దాన్ని చూసి మనం ఇక్కడ ఆ ఫండ్ కొనడానికి కారణం లేదు.

మూడో అడుగు: హెడ్జింగ్ ఖర్చు ఎంత? అసలు అది ఖర్చేనా?

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. “హెడ్జింగ్ ఖరీదైన వ్యవహారం” అని ఇంగ్లిష్ వ్యాసాల్లో చదివి మనవాళ్ళు అదే అప్పజెబుతారు. మన దేశంలో కూర్చొని డాలర్ ఆస్తిని హెడ్జ్ చేసేవాడికి మాత్రం మామూలుగా ఎదురు డబ్బు వస్తుంది.

ఎందుకో చూద్దాం. మన దగ్గర ఏడాది వడ్డీ సుమారు 6 శాతం, అమెరికాలో 4 శాతం అనుకోండి. ఇవాళ డాలర్ 90కే ఏడాది తర్వాతి డాలర్ కూడా దొరికితే, అందరూ 4 శాతానికి డాలర్లు అప్పు తెచ్చి, రూపాయల్లోకి మార్చి, 6 శాతానికి వేసి, తీర్చాల్సిన డాలర్లను ఇవాళే 90కి ఖాయం చేసుకునేవారు. అలా ఊరికే డబ్బు దొరకదు. అందుకే ఏడాది తర్వాతి డాలర్ రేటు ఆ వడ్డీ తేడా మేరకు పైన ఉంటుంది, అంటే సుమారు 91.80. ఈ పైనున్న 1.80 రూపాయలనే ఫార్వర్డ్ ప్రీమియం అంటారు. మా డెస్క్‌లో ఎవరూ శాతాల్లో మాట్లాడరు, “ఏడాదికి 180 పైసలు” అంటారు.

ఇప్పుడు ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు చూడండి. మా కంపెనీ లాంటి ఎగుమతిదారు డాలర్లు ముందే అమ్ముతాడు, కాబట్టి 180 పైసలు అతనికి వస్తాయి. దిగుమతిదారు ముందే కొంటాడు, కాబట్టి అవి అతను కడతాడు. అమెరికా షేర్లు పెట్టుకున్న బెంగళూరు మదుపరి ఎగుమతిదారుడి వైపు ఉన్నాడు. ఇండియా ఫండ్ పెట్టుకొని తిరిగి డాలర్లు కావాలనుకునే డల్లాస్ మదుపరి దిగుమతిదారుడి వైపు ఉన్నాడు. ఒకే హెడ్జ్ బెంగళూరు వాడికి ఏడాదికి 2 శాతం ఇస్తుంది, డల్లాస్ వాడి దగ్గర 2 శాతం తీసుకుంటుంది.

ఇవాళ్టి అంకె మీరే తెలుసుకోవచ్చు. ఎన్ఎస్ఈ సైట్‌లో `USDINR` ఫ్యూచర్స్ ధరలు ఉంటాయి. ఇవాళ్టి రేటైన స్పాట్ రేటు, మూడు నెలల తర్వాతి కాంట్రాక్టు రేటు తీసుకోండి. స్పాట్ 90.00, మూడు నెలలది 90.45 అనుకుంటే:

```
(90.45 - 90.00) / 90.00 × 4 × 100 = 2.0
```

ఏడాదికి 2 శాతం. మొదటి అడుగులో 36 లక్షలకు మూడేళ్ళ పాటు ఈ 2 శాతం కలుపుతూ పోతేనే 38.2 లక్షలు వచ్చింది. దూరపు నెలల కాంట్రాక్టుల్లో లావాదేవీలు తక్కువ, ఆ రేట్లను పెద్దగా నమ్మకండి. దగ్గరి నెలలే తీసుకొని ఏడాదికి పెంచుకోవడం మేలు.

ఈ అంకె స్థిరంగా ఉండదు. రెండు దేశాల కేంద్ర బ్యాంకుల వడ్డీ రేట్లే చూడండి. 2021లో మన రెపో రేటు 4 శాతం, అమెరికా ఫెడ్ రేటు దాదాపు సున్నా. తేడా నాలుగు శాతానికి దగ్గర. 2023 జూలైకి మన రెపో 6.5, ఫెడ్ 5.25 నుంచి 5.50. తేడా ఒక్క శాతం చిల్లర. రెండేళ్ళలోనే ప్రీమియం అంత సన్నబడింది. అందుకే పాత వ్యాసంలోని అంకెతో నిర్ణయం తీసుకోకండి.

మరో ముఖ్యమైన సంగతి. ఈ 2 శాతం ఎక్స్‌పెన్స్ రేషియోలో, అంటే ఫండ్ ఏటా తీసుకునే ఫీజులో, కనిపించదు. హెడ్జ్ చేసిన ఫండ్, చేయని ఫండ్ రెండింటి ఫీజులూ పక్కపక్కన పెడితే తేడా నామమాత్రంగా కనిపించవచ్చు. అది హెడ్జ్‌ను నిర్వహించే కూలి మాత్రమే. అసలు ఖర్చు, లేదా అసలు రాబడి, ఎన్ఏవీలోనే కలిసిపోయి ఉంటుంది.

ఒక కేసు పూర్తిగా

మీ దగ్గర 10 లక్షలున్నాయి. డాలర్ 90 దగ్గర అమెరికా ఫండ్‌లో పెట్టారు. 11,111 డాలర్లు వచ్చాయి. ఏడాదిలో షేర్లు డాలర్లలో 10 శాతం పెరిగాయి, ఇప్పుడు 12,222 డాలర్లు.

డాలర్ 95కు వెళ్ళిందనుకోండి. హెడ్జ్ చేయని ఫండ్ విలువ 11.61 లక్షలు. హెడ్జ్ చేసిన ఫండ్ మొదట్లోనే 11,111 డాలర్లను 91.80కి అమ్మిపెట్టింది, దానికి 10.20 లక్షలు ఖాయం. లాభంగా వచ్చిన 1,111 డాలర్లు మాత్రం హెడ్జ్‌లో లేవు, అవి 95 రేటుకే మారతాయి, సుమారు 1.06 లక్షలు. మొత్తం 11.26 లక్షలు. హెడ్జ్ వల్ల 35 వేలు తగ్గాయి.

డాలర్ 88కి దిగిందనుకోండి. హెడ్జ్ చేయనిది 10.76 లక్షలు, చేసింది 11.18 లక్షలు. ఇప్పుడు హెడ్జ్ 42 వేలు మిగిల్చింది.

ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో గమనించండి. అది 90 దగ్గర లేదు, 91.80 దగ్గర ఉంది. “రూపాయి పడుతుందా?” అన్నది సరైన ప్రశ్న కాదు. “ప్రీమియం కన్నా ఎక్కువ పడుతుందా?” అన్నది ప్రశ్న. 2013 చివర దాదాపు 62 ఉన్న డాలర్ 2024 చివరకు 85.6 అయింది. ఏడాదికి సగటున 3 శాతం. ఆ కాలంలో చాలా ఏళ్ళు ప్రీమియం కూడా దానికి దగ్గరగానో, అంతకన్నా ఎక్కువగానో ఉంది. కాబట్టి “రూపాయి ఎలాగూ పడుతుంది, హెడ్జ్ చేస్తే నష్టమే” అన్న వాదన అంత సులువుగా నిలబడదు. పైగా ఆ 3 శాతం ఏటా సమంగా రాలేదు. ఆ లెక్క మొదలవడానికి కాస్త ముందు, 2013లో మే నుంచి ఆగస్టు లోపలే రూపాయి భారీగా పడింది. 2017లో అదే రూపాయి దాదాపు 6 శాతం బలపడింది.

నాలుగో అడుగు: లోపల ఉన్నవి షేర్లా, బాండ్లా?

షేర్లైతే, పదేళ్ళ పైన పెట్టే రూపాయి మదుపరికి కూడా నేను హెడ్జ్ లేనిదే చెబుతాను. కారణం 2008. ఆ ఏడాది అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500 38.5 శాతం పడింది. ప్రపంచమంతా భయపడి డాలర్ వైపు పరిగెత్తింది, డాలర్ సుమారు 39.4 రూపాయల నుంచి 48.7కు చేరింది. ఆ సూచీ పతనం రూపాయల్లో లెక్కేస్తే సుమారు 24 శాతమే. డాలర్ కింద పరుపులా నిలిచింది. హెడ్జ్ చేసి ఉంటే ఆ పరుపును మీరే లాగేసుకున్నట్టు. సంక్షోభం వచ్చినప్పుడు రూపాయి సాధారణంగా బలహీనపడుతుంది కాబట్టి, ప్రీమియంగా వచ్చే 2 శాతం కన్నా ఈ రక్షణ నాకు విలువైనదిగా కనిపిస్తుంది.

బాండ్లైతే కథ మారిపోతుంది. చెన్నై పెరంబూరులో మా మావయ్యగారు ఉంటారు, కోచ్ ఫ్యాక్టరీలో రిటైరయ్యారు. వాళ్ళబ్బాయి ఆయన పేరు మీద కొంత డబ్బు డాలర్ బాండ్ ఫండ్‌లో పెట్టాడు, “4 శాతం గ్యారంటీగా వస్తుంది నాన్నా” అని. మావయ్య ఖర్చులన్నీ రూపాయల్లోనే, రెండేళ్ళలో ఇంటి రిపేరుకు ఆ డబ్బు కావాలి. బాండ్ ఇచ్చేది 4, కరెన్సీ ఒక్క ఏడాదిలో అటో ఇటో 5, 6 శాతం కదలగలదు. అంటే ఆయన చేతిలో ఉన్నది పేరుకే బాండ్, నిజానికి డాలర్ మీద పందెం.

మరి హెడ్జ్ చేయాలా? చేస్తే 4 శాతం వడ్డీకి 2 శాతం ప్రీమియం కలిసి 6 అవుతుంది. అంటే ఇక్కడి బ్యాంకు డిపాజిట్ వడ్డీ! అది యాదృచ్ఛికం కాదు, ప్రీమియం పుట్టిందే ఆ వడ్డీ తేడా నుంచి. హెడ్జ్ చేసిన విదేశీ బాండ్ చివరికి స్వదేశీ డిపాజిట్‌లాగే మారుతుంది. అంత దూరం తిరిగి రావడం ఎందుకు? “మావయ్యా, వీధి చివర బ్యాంకులోనే వేసుకోండి” అన్నాను. అదే చేశారు.

ఇదే లెక్కను అటువైపు నుంచి చూస్తే ఎన్ఆర్ఐలకు చూపించే మోసపు ఆశ కూడా అర్థమవుతుంది. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి ఒక బ్యాంకు ఉద్యోగి ఎన్ఆర్ఈ డిపాజిట్, అంటే ఎన్ఆర్ఐలు ఇక్కడ రూపాయల్లో వేసే డిపాజిట్, అమ్మాడు. “రూపాయి వడ్డీ 6 వస్తుంది, ఫార్వర్డ్ కవర్ కూడా ఇస్తాం, కరెన్సీ టెన్షన్ లేదు” అన్నాడు. రెండు మాటలూ నిజమే, కానీ కవర్‌కు ఏడాదికి 2 శాతం పోతుందన్న మూడో మాట చెప్పలేదు. చేతికొచ్చేది 4, దాదాపు డాలర్ వడ్డీ. పైగా ఎన్ఆర్ఈ వడ్డీకి ఇక్కడ పన్ను లేకపోయినా అమెరికాలో కట్టాలి. డాలర్లు వెనక్కి కావాలంటే నేరుగా డాలర్లలోనే ఉంచే ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ చూడమన్నాను. అందులో కరెన్సీ రిస్క్ డిపాజిటర్‌ది కాదు. నాలుగేళ్ళలో బెంగళూరు వచ్చి ఫ్లాట్ కొనే ఆలోచన ఉంటే మాత్రం, హెడ్జ్ లేకుండా ఎన్ఆర్ఈలోనే ఉంచుకోవచ్చు, ఖర్చు రూపాయల్లోనే కదా.

సొంతంగా హెడ్జ్ చేసుకుందామనుకునేవాళ్ళకు

రూపాయిలోకి హెడ్జ్ చేసిన ఫండ్ దొరక్కపోతే ఫ్యూచర్స్ అమ్మి ఆ పని మనమే చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఒక్కో `USDINR` లాట్ 1,000 డాలర్లు, కాబట్టి పై కేసులో 11 లాట్లు అమ్మాలి. డాలర్ 91.80 నుంచి 95కు వెళ్తే 35,200 రూపాయలు మీ ఖాతాలోంచి నగదుగా, రోజువారీగా పోతాయి. ఫండ్‌లో వచ్చిన లాభం మాత్రం అమ్మేదాకా కాగితం మీదే ఉంటుంది. మార్జిన్‌కు, అంటే ఖాతాలో ఉంచాల్సిన హామీకి, డబ్బు సర్దలేక సరిగ్గా తప్పు సమయంలో పొజిషన్ మూసేసినవాళ్ళను నేను చూశాను. పన్ను కూడా కలవదు. ఫ్యూచర్స్‌లో వచ్చింది సాధారణంగా వ్యాపార ఆదాయంగా స్లాబ్ ప్రకారం పడుతుంది, ఫండ్ లాభం క్యాపిటల్ గెయిన్స్‌గా పడుతుంది. నిజంగా విదేశీ కరెన్సీ రిస్క్ ఉన్నవాళ్ళే ఈ కాంట్రాక్టుల్లోకి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2024లో మరోసారి స్పష్టం చేసింది కూడా. జీతగాళ్ళకు ఇది నేను సిఫారసు చేయను. కరెన్సీ రిస్క్ తగ్గించుకోవాలంటే విదేశీ ఫండ్ వాటానే తగ్గించుకోవడం తేలిక.

చివరి అడుగు: ఏడాదికోసారి సరిచూడండి

హెడ్జ్ చేసిన ఫండ్ తీసుకున్నారా? ఏడాది తర్వాత సూచీ దాని సొంత కరెన్సీలో ఎంత పెరిగిందో తీసుకోండి. దానికి ఆ ఏడాది మొదట్లో ఉన్న ప్రీమియం కలపండి, మీరు కట్టేవైపు ఉంటే తీసేయండి. ఫీజు తగ్గించండి. వచ్చిన అంకె, ఫండ్ రాబడి దగ్గరదగ్గరగా ఉండాలి. అర శాతం అటూఇటూ సహజమే, ఎందుకంటే ఫండ్లు సాధారణంగా నెలకోసారే హెడ్జ్‌ను సరిచేస్తాయి, మధ్యలో పెరిగిన విలువ అప్పటిదాకా హెడ్జ్ బయటే ఉంటుంది. తేడా రెండు మూడు శాతం ఉంటే వాళ్ళు మొత్తాన్ని హెడ్జ్ చేయడం లేదని అనుమానించి, నెలవారీ పోర్ట్‌ఫోలియోలో ఫార్వర్డ్‌ల విలువను ఆస్తుల విలువతో పోల్చండి. హెడ్జ్ చేయని ఫండ్ అయితే సూచీ ఎన్ని రెట్లయిందో, డాలర్ ఎన్ని రెట్లయిందో ఆ రెండింటినీ గుణించి, ఫీజు తగ్గించి చూస్తే సరిపోతుంది. ఒంగోలు వదినగారు ఈ లెక్కను పాప లెక్కల నోటుబుక్ వెనక పేజీలో వేసుకున్నారు, పక్కనే మొదటి ఏడాది ఫీజు డాలర్లలో రాసి.